బస్సు వెనక ఏది? మాటలతో వస్తువులను సరైన చోట నిలపడం

ఒక వస్తువు ఎక్కడ ఉందో చెప్పే వాక్యంలో పైకి రెండు వస్తువుల పేర్లే కనిపిస్తాయి. 'బస్సు వెనక స్కూటరు ఉంది' అన్నప్పుడు స్కూటరు చోటు తెలియవలసిన వస్తువు, బస్సు ఆ చోటును గుర్తుపట్టడానికి తీసుకున్న ఆధారం. ఈ రెండు పాత్రలనూ విడదీసి చూపిన భాషాశాస్త్రవేత్తలలో ముఖ్యుడు అమెరికాకు చెందిన లెనార్డ్ టాల్మీ. చిన్నదీ కదిలేదీ అయిన వస్తువు సాధారణంగా మొదటి పాత్రను, పెద్దదీ కదలనిదీ అయిన వస్తువు రెండో పాత్రను తీసుకుంటాయని ఆయన వివరించాడు. 'ఇంటి పక్కన సైకిలు ఉంది' అనడం సహజంగా వినిపించి, 'సైకిలు పక్కన ఇల్లు ఉంది' అనడం ఎబ్బెట్టుగా తోచడానికి కారణం ఇదే. దూరం రెండింటికీ సమానమే అయినా, వెతికే మనిషికి ఇల్లు దారి చూపినట్టు సైకిలు చూపలేదు. అయితే ఈ రెండు వస్తువులతోనే లెక్క తేలదు. 'వెనక' అన్న మాటకు అర్థం తేలాలంటే ఎవరి వెనక, దేని ముఖాన్ని బట్టి వెనక అన్న మూడో సంగతి తెలియాలి. వాక్యం దాన్ని చాలాసార్లు చెప్పదు. బొమ్మ గీయవలసిన చిత్రకారుడు గానీ, మాటలనుంచి చిత్రం తయారుచేసే కంప్యూటరు గానీ, వస్తువును అనుకోని చోట పెట్టడానికి మొదటి కారణం అక్కడే ఉంది.

ఒక చిత్రంలో ఆర్టీసీ బస్సు పక్కనుంచి కనిపిస్తోందనీ, దాని ముందుభాగం చిత్రానికి ఎడమవైపు ఉందనీ అనుకుంటే ఈ చిక్కు స్పష్టమవుతుంది. మన దేశంలో ప్రయాణికులు ఎక్కే తలుపు బస్సుకు ఎడమ పక్కన ఉంటుంది కనుక, ఇలా నిలబడిన బస్సులో చూసేవారికి తలుపు ఉన్న పక్కే కనిపిస్తుంది. ఇప్పుడు 'బస్సు వెనక స్కూటరు' అన్న మాటను బస్సుకు సొంతంగా ఉన్న ముందువెనకలను బట్టి చదివితే, స్కూటరు బస్సు తోక దగ్గర, అంటే చిత్రం కుడివైపున, పూర్తిగా కనిపిస్తూ నిలబడాలి. అదే మాటను చూసేవారి చోటునుంచి చదివితే స్కూటరు బస్సుకు అవతల ఉండి, దానిలో చాలా భాగం మరుగున పడాలి. ఇంకాస్త ముందుకు వెళితే, బస్సుకు 'ముందు' అన్నది మొదటి పద్ధతిలో చిత్రం ఎడమకు, రెండో పద్ధతిలో తలుపుకు ఎదురుగా చూసేవారికి దగ్గరలోకి వస్తుంది. 'ఎడమ' అన్నది మొదటి పద్ధతిలో తలుపు దగ్గరకు, రెండో పద్ధతిలో డ్రైవరు ముందున్న రోడ్డు మీదకు పోతుంది. 'కుడి' అన్నది మొదటి పద్ధతిలో బస్సుకు అవతల మరుగున పడుతుంది, రెండో పద్ధతిలో తోక దగ్గర కనిపిస్తుంది. ముందు, ఎడమ ఒకదానితో ఒకటి, వెనక, కుడి ఒకదానితో ఒకటి చోట్లు మార్చుకున్నాయన్నమాట; ఒకరు 'వెనక' అన్న చోటునే మరొకరు 'కుడి' అంటారు, ఇద్దరూ తప్పు కాదు.

బస్సును తిప్పి నిలబెడితే చిక్కు రూపం మారుతుంది. బస్సు ముఖం చూసేవారివైపు ఉన్నప్పుడు ముందువెనకల విషయంలో రెండు పద్ధతులూ కలుస్తాయి, కానీ బస్సు ఎడమ చూసేవారి కుడి అవుతుంది. బస్సు వీపు చూపుతూ దూరంగా పోతున్నప్పుడు ఎడమకుడులు కలుస్తాయి, ముందువెనకలు తలకిందులవుతాయి. అంటే ఏ వస్తువునైనా చిత్రంలో ఏ వైపు తిప్పి నిలిపారో చెప్పకుండా దాని చుట్టూ మరో వస్తువును పెట్టమంటే, ఆ కోరిక సగమే చెప్పినట్టు.

ఈ పద్ధతులను భాషాశాస్త్రం నిర్దేశ చట్రాలు అంటుంది. దిశలను దేనినుంచి కొలుస్తున్నామో చెప్పే ఏర్పాటు అని దీని అర్థం. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్ పట్టణంలో ఉన్న మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థలో స్టీఫెన్ లెవిన్సన్, ఆయన సహచరులు ప్రపంచంలోని అనేక భాషలను పరిశీలించి వీటిని మూడుగా వర్గీకరించారు. ఆధారవస్తువుకు ఉన్న సొంత ముఖాన్నీ పక్కలనూ బట్టి చెప్పేది వస్తునిష్ఠ చట్రం. కుర్చీ, గుడి, బస్సు, మనిషి వంటి ముఖం ఉన్న వాటికే ఇది వర్తిస్తుంది. చూసేవారి శరీరాన్ని బట్టి చెప్పేది ద్రష్టృనిష్ఠ చట్రం. చెట్టుకూ బంతికీ కూజాకూ సొంత ముఖం లేదు కనుక వాటి ముందువెనకలు ఈ చట్రంలోనే అర్థమవుతాయి. మూడోది దిక్కుల చట్రం. అందులో వస్తువు ముఖంతో గానీ చూసేవారి చోటుతో గానీ పని లేదు. తూర్పు ఎవరు ఎటు తిరిగినా తూర్పే.

తెలుగువారికి ఈ మూడోది కొత్త కాదు. ఇంటి స్థలం గానీ పొలం గానీ అమ్మే దస్తావేజులో తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులు వరుసగా రాస్తారే తప్ప, స్థలానికి కుడిపక్కన ఫలానావారి ఇల్లు అని రాయరు; రాస్తే వీధిలోంచి చూసే కొనుగోలుదారుకూ పెరట్లోంచి చూసే పొరుగువాడికీ ఆ మాట వేరువేరు భూమిని చూపుతుంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో మాట్లాడే గూగు యిమిథిర్ భాషలో అయితే చిన్న వస్తువుల చోటును కూడా దిక్కులతోనే చెబుతారు. మెక్సికోలోని తెనెహాపాలో త్సెల్తాల్ భాష మాట్లాడేవారు తమ కొండసీమ వాలును బట్టి 'ఎగువ', 'దిగువ' అన్న మాటలను చదునైన బల్ల మీది వస్తువులకూ వాడతారు. ఈ తేడా మాటల్లోనే ఆగుతుందా, జ్ఞాపకంలోకీ వెళుతుందా అని తెలుసుకోవడానికి లెవిన్సన్ బృందం వాడిన పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. ఒక బల్ల మీద కొన్ని బొమ్మలను వరుసగా పేర్చి చూపి, మనిషిని వెనక్కి తిప్పి, మరో బల్ల మీద అదే వరుసను మళ్లీ పేర్చమంటారు. డచ్చివారు ఎక్కువగా ఎడమనున్న బొమ్మను ఎడమనే ఉంచారు. దిక్కుల చట్రం వాడే సమాజాలవారు ఎక్కువగా ఉత్తరాన ఉన్న బొమ్మను ఉత్తరానే ఉంచారు, అంటే తమ శరీరాన్ని బట్టి చూస్తే వరుసను తిరగేశారు. ఈ ఫలితాలకు భాషే కారణమా, పరిసరాలు కారణమా అన్న వాదన తరువాత చాలాకాలం నడిచింది. కానీ ఒకే అమరికను ఇద్దరు మనుషులు నిజాయితీగా రెండు తీరులుగా గుర్తుంచుకోగలరన్న సంగతి అందులో తేలిపోయింది.

చూసేవారి చట్రంలో కూడా ఒకే ఏర్పాటు లేదు. తెలుగులో 'చెట్టు ముందు మేక' అంటే మేక మనకూ చెట్టుకూ మధ్య ఉందని అర్థం. చెట్టు మనకు ఎదురుగా తిరిగి నిలబడినట్టు దానికి ఒక ముఖాన్ని మనం ఊహిస్తాం. పశ్చిమ ఆఫ్రికాలోని హౌసా భాషలో ఇలాంటి సందర్భాన చెట్టు కూడా మనం చూసే వైపుకే ముఖం పెట్టినట్టు ఊహించడం వాడుకలో ఉంది, కనుక చెట్టుకు అవతల ఉన్నది 'ముందు' ఉన్నట్టు. చెట్టుకు నిజంగా ముఖం లేదు కనుక రెండు ఊహల్లో ఏదీ మరొకదానికంటే సరైనది కాదు.

దిశల సంగతి ఇలా ఉండగా, 'మీద' అన్న మాట మరో రకం చిక్కు తెస్తుంది. అది దిశను మాత్రమే కాక బరువును మోయడాన్ని కూడా చెబుతుంది. బల్ల మీద ఒక నిఘంటువు, ఆ నిఘంటువు మీద కళ్లజోడు ఉంటే, కళ్లజోడు బల్లను తాకకపోయినా 'కళ్లజోడు బల్ల మీదే ఉంది' అంటే ఎవరూ కాదనరు, ఎందుకంటే చివరికి దాని బరువును మోస్తున్నది బల్లే. అదే బల్లకు పైన తాడుతో వేలాడుతున్న దీపం బల్లను దాదాపు తాకుతున్నా 'బల్ల మీద దీపం' అనిపించుకోదు. గడియారం గోడ మీద ఉండగలదు, ఎందుకంటే అక్కడ మేకు ద్వారా గోడ దాన్ని నిలబెడుతోంది. 'లో' అన్నదీ ఇలాంటిదే: గంపలో నిండుగా పోసిన మామిడిపళ్లలో అన్నిటికన్నా పైది గంప అంచు దాటి ఉన్నా అది గంపలోనే ఉన్నట్టు, ఎందుకంటే గంప ఎత్తితే ఆ పండు దానితోపాటే వస్తుంది. బ్రిటన్‌లో సైమన్ గారడ్, కెనీ కోవెంట్రీ వంటి పరిశోధకులు ప్రయోగాలతో నిలబెట్టిన విషయం ఇదే: ఇలాంటి మాటలను మనుషులు ఆకారాల కొలతతో కాక, ఏది దేన్ని ఆపుతోంది, ఏది కదిలితే ఏది కదులుతుంది అన్న ఎరుకతో వాడతారు. చిత్రంలో పుస్తకం బల్ల అంచుకు రెండు వేళ్ల ఎత్తున గాలిలో తేలినట్టు కనిపించడం, కూజా కింద నీడ లేకపోవడం, పిల్లి కాళ్లు పెట్టె మూతలోకి దిగబడినట్టు ఉండడం వంటి తప్పులన్నీ, స్థానం దాదాపు సరిగానే ఉండి మోసే సంబంధం మాత్రం తప్పిన సందర్భాలు.

ఈ మోసే సంబంధాన్ని యంత్రానికి స్పష్టంగా నేర్పిన తొలి ప్రసిద్ధ ప్రయత్నం 1968–70 మధ్య ఎం.ఐ.టి.లో టెర్రీ వినోగ్రాడ్ రాసిన 'ష్రడ్లూ' అనే ప్రోగ్రాం. దాని ప్రపంచమంతా ఒక బల్ల, ఒక పెట్టె, కొన్ని రంగురంగుల దిమ్మలు, పిరమిడ్లు మాత్రమే. ఒక దిమ్మ మీద మరొకటి పెట్టమంటే ఆ దిమ్మ పైభాగం ఖాళీగా ఉందో లేదో అది ముందు చూసుకునేది. లేకపోతే పైనున్నదాన్ని తీసి పక్కన పెట్టి, ఆ తరువాతే అడిగిన పని చేసేది. మొనదేలిన పిరమిడ్ మీద మరేదీ నిలవదన్నదీ దాని లెక్కలో ఉండేది. ఆ చిన్న ప్రపంచంలో కూడా వాక్యం రెండుగా విరిగే సందర్భాలు వచ్చేవి, ఎందుకంటే ఒక చోటును మరో చోటుతో గొలుసుకట్టు కట్టినప్పుడు ఏ కొక్కెం దేనికి తగిలిందో వాక్యం చెప్పకపోవచ్చు. తెలుగులో 'బల్ల మీద పెట్టె పక్కన గ్లాసు పెట్టు' అన్న మాటను చూస్తే, పెట్టె ఇప్పటికే బల్ల మీద ఉందని కావచ్చు, పెట్టె ఎక్కడున్నా గ్లాసును బల్ల మీదే పెట్టమని కూడా కావచ్చు. 'బల్ల మీద ఉన్న పెట్టె పక్కన' అని ఒక్క 'ఉన్న' చేరిస్తే మొదటి అర్థం స్థిరపడుతుంది. రెండోది కావాలంటే 'పెట్టె పక్కన, బల్ల మీద, గ్లాసు పెట్టు' అని ముక్కలను విడదీయాలి. గొలుసులో మూడో కొక్కెం చేరేలోపు వాక్యాన్ని తెంచి రెండుగా చేయడం అంతకంటే మంచి పద్ధతి.

వాక్యాలను ఏ వరుసలో చెబుతామన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. 1982లో కేట్ ఎర్లిక్, ఫిలిప్ జాన్సన్-లెయర్డ్ బల్ల మీది వస్తువుల అమరికను మూడు వాక్యాల్లో చెప్పి, విన్నవారిచేత దాన్ని కాగితం మీద గీయించారు. ప్రతి వాక్యం ముందు వాక్యంలో వచ్చిన ఒక వస్తువును అందుకుని సాగినప్పుడు అమరిక బాగా గీశారు. మొదటి రెండు వాక్యాలూ సంబంధం లేని నాలుగు వస్తువులను చెప్పి, మూడో వాక్యం వాటిని కలిపినప్పుడు తప్పులు బాగా పెరిగాయి. వినేవారు మొదటి వాక్యంతోనే మనసులో ఒక అమరికను కట్టుకుంటారు. రెండో వాక్యంలోని వస్తువులు ఆ అమరికలో ఎక్కడా అతకకపోతే, మూడో వాక్యం వచ్చేదాకా వాటిని చేత్తో పట్టుకుని కూర్చోవలసి వస్తుంది. తెలుగు వాక్యంలో 'బల్ల మీద లాంతరు ఉంది' అన్నట్టు ఆధారవస్తువు ముందుగా, కొత్త వస్తువు తరువాత రావడం సహజం కనుక, తెలిసినదాన్నుంచి తెలియనిదానికి నడిచే ఈ వరుస మన భాషకు బాగా ఒదుగుతుంది.

మాటలనుంచి చిత్రాలు తయారుచేసే నేటి ప్రోగ్రాములు ష్రడ్లూ దారిలో నడవవు. వాటిలో బల్ల, దిమ్మ అన్న జాబితా గానీ, ఏది దేన్ని మోస్తుందన్న నియమం గానీ రాసి ఉండదు. కోట్ల చిత్రాలనూ వాటి కింద ఉన్న వ్యాఖ్యలనూ జతలుగా చూసి అవి నేర్చుకుంటాయి. ఇంటర్నెట్‌లో చిత్రాల కింద 'కుక్క, బంతి' అని ఉంటుందే గానీ, 'బంతి కుక్కకు ఎడమవైపు ఉంది' అని దాదాపు ఎవరూ రాయరు, ఎందుకంటే చూసేవారికి అది కనిపిస్తూనే ఉంటుంది. రాసిన కొద్దిమందిలోనూ కొందరు కుక్క ఎడమను, కొందరు చూసేవారి ఎడమను ఉద్దేశిస్తారు. అందువల్ల ఏ వస్తువులు చిత్రంలో ఉండాలన్నది ఇలాంటి ప్రోగ్రాం గట్టిగా నేర్చుకుని, అవి ఏ సంబంధంలో ఉండాలన్నది బలహీనంగా నేర్చుకుంటుంది. 2022లో కాలిన్ కాన్వెల్, టోమర్ ఉల్మన్ డాల్-ఈ 2 అనే ప్రోగ్రాంచేత ఇలాంటి సంబంధాలతో చిత్రాలు గీయించి మనుషులకు చూపినప్పుడు, అడిగిన సంబంధానికి సరిపోయాయని వారు ఒప్పుకున్నవి దాదాపు 22 శాతమే. 'కప్పులో చెంచా' వంటి లోకంలో మామూలుగా కనిపించే జతలు తేలికగా కుదురుతాయి, 'చెంచా మీద కప్పు' వంటివి కుదరవు. మొదటిది కుదిరినంత మాత్రాన ప్రోగ్రాముకు 'లో' అర్థమైందని అనుకోకూడదు. తరువాత వచ్చిన ప్రోగ్రాములు, శిక్షణ చిత్రాలకు వివరమైన వ్యాఖ్యలు కొత్తగా రాయించి వాడడంవల్ల, ఈ విషయంలో చాలా మెరుగుపడ్డాయి. అయినా వస్తువుల సంఖ్య పెరిగేకొద్దీ పొరపాటు తిరిగి వస్తుంది.

ఇంకో కారణం చిత్రం తయారయ్యే తీరులో ఉంది. ఈ తరహా ప్రోగ్రాముల్లో చాలావాటిలో చిత్రం చుక్కల గందరగోళంతో మొదలై, అంచెలంచెలుగా శుభ్రపడుతూ రూపం తెచ్చుకుంటుంది. పెద్ద ఆకారాలు ఎక్కడెక్కడ ఉండాలన్నది తొలి అంచెల్లోనే స్థిరపడి, చివరి అంచెల్లో గీతలు, మెరుపులు, నీడల వంటివి చేరతాయి. తొలి అంచెలో కుర్చీ ఎడమకు పోయిందంటే, తరువాత ఎంత చక్కటి వివరణ చదివినా ఆ చిత్రంలో అది కుడికి రాదు. వివరణకు చివర 'కుర్చీ కుడివైపే ఉండాలి' అని గట్టిగా చేర్చడం కన్నా, మొదటి వాక్యంలోనే చిత్రాన్ని భాగాలుగా పంచి చెప్పి మళ్లీ కొత్తగా గీయించడం ఎక్కువగా పనిచేయడానికి కారణం ఇదే.

ఒక పిల్లల కథకు బొమ్మ కావాలని రాసిన వివరణను ఉదాహరణగా తీసుకోవచ్చు: 'గదిలో బల్ల, దాని పక్కన కుర్చీ. బల్ల మీద లాంతరు, పుస్తకం. కుర్చీ వెనక పెట్టె, దాని మీద పిల్లి.' చదవడానికి ఏ లోపమూ కనిపించని ఈ వివరణలో కుర్చీ బల్లకు ఏ పక్కన ఉందో చెప్పలేదు, అది ఎటు తిరిగి ఉందో చెప్పలేదు, కనుక పెట్టె కుర్చీకి అవతల మరుగున ఉండాలో పక్కన కనిపించాలో తేలదు. పిల్లి కుర్చీ మీద ఉందా, పెట్టె మీద ఉందా అన్నది కూడా 'దాని' అన్న ఒక్క మాట మీద వేలాడుతోంది. దాన్ని ఇలా తిరగరాయవచ్చు:

'చూసేవారు గుమ్మంలో నిలబడి గదిలోకి చూస్తున్నారు. ఎడమ, కుడి అన్నవి చిత్రాన్ని చూసేవారివి. చిత్రం మధ్యలో నేల మీద పొడవైన చెక్కబల్ల ఉంది, దాని పొడవు వైపు చూసేవారికి ఎదురుగా ఉంది. బల్ల ఎడమ చివర లాంతరు నిలబెట్టి ఉంది, దాని అడుగు పూర్తిగా చెక్కను ఆనుకుని ఉంది. బల్ల కుడి చివర తెరిచిన పుస్తకం ఉంది. బల్లకు కుడిపక్కన కుర్చీ ఉంది. అది బల్లవైపుకు, అంటే చిత్రం ఎడమకు, తిరిగి ఉంది. కుర్చీ వీపుకు అవతల, చిత్రం కుడి అంచు దగ్గర, నేల మీద ట్రంకుపెట్టె ఉంది. కుర్చీ దాన్ని కప్పడం లేదు. పెట్టె మూత మీద పిల్లి పడుకుని ఉంది, దాని తోక మూత అంచునుంచి కిందికి వేలాడుతోంది.'

ఇక్కడ మారింది పొడవు మాత్రమే కాదు. చట్రం ఏదో కొత్త వివరణ తొలి రెండు వాక్యాల్లోనే ప్రకటించింది. ముఖం ఉన్న ఒకే ఒక్క ఆధారవస్తువైన కుర్చీ ఎటు తిరిగిందో చెప్పి, దాన్ని చిత్రం అంచుతో ముడిపెట్టింది. 'వెనక' అన్న మాటను విడిచి, ఏది కనిపించాలో ఏది మరుగుపడకూడదో చెప్పింది. మోసే సంబంధాన్ని ఆనుకోవడం, వేలాడడం వంటి కంటికి కనిపించే గుర్తులతో చెప్పింది. వాక్యాలు బల్లనుంచి కుర్చీకి, కుర్చీనుంచి పెట్టెకు, పెట్టెనుంచి పిల్లికి వరుసగా నడిచాయి. ఏ వస్తువుకూ పొసగని ఆధారాలు ఇవ్వలేదు. ఒకే వస్తువుకు రెండుమూడు ఆధారాలిచ్చి, అవి ఒకదానితో ఒకటి పొసగకపోతే, గీసేవారు ఏదో ఒకదాన్ని విడిచిపెడతారు. ఏది విడిచిపెడతారో రాసినవారి చేతిలో ఉండదు.

ఇంత చేసినా మాటలతో తీరని పనులు కొన్ని ఉంటాయి. పది పన్నెండు వస్తువులున్న దృశ్యాన్నీ, కచ్చితమైన దూరాలనూ వాక్యాలతో చెప్పడం కన్నా ఒక చిత్తుబొమ్మ గీసి చూపడం మేలు. 2023లో వచ్చిన గ్లైజెన్, కంట్రోల్‌నెట్ వంటి పద్ధతుల్లో మొదటిది ఏ వస్తువు ఏ దీర్ఘచతురస్రంలో ఉండాలో గీసిస్తే తీసుకుంటుంది, రెండోది గీతల చిత్రాన్నో లోతు పటాన్నో తీసుకుంటుంది. చిత్రకారులకు చిత్తుబొమ్మ ఇచ్చే అలవాటు వీటికంటే చాలా పాతది. ఇక ఎడమ, కుడి ఎవరివన్న విషయంలో వైద్యరంగం ఎప్పుడో ఒక నిర్ణయానికి వచ్చింది: ఎక్స్‌రే ఫిల్ముపై ఎడమ, కుడి అన్నవి ఎప్పుడూ రోగివే, చూసే డాక్టరువి కావు. ఫిల్మును పొరపాటున తిరగేసి పట్టుకున్నా తెలియడానికి దానిపై ఒక పక్కను సూచించే అక్షరం సీసపు ముక్కతో ముద్రపడేలా చేస్తారు.

రాసిన వివరణ సరిపోయిందో లేదో పరీక్షించడానికి ఖర్చులేని దారి ఒకటి ఉంది. దృశ్యాన్ని ఎప్పుడూ చూడని మనిషికి ఆ వివరణ ఒక్కటే ఇచ్చి, కాగితం మీద గళ్లూ గుండ్రాలతో గీయమని చెప్పి, గీస్తున్నంతసేపూ ఏమీ చెప్పకుండా ఉండాలి. గీసేవారు పెన్సిలు ఆపి ప్రశ్న అడిగిన ప్రతి చోటా వాక్యం లోపించింది. ప్రశ్న అడగకుండానే తప్పుగా గీసిన చోట చట్రం లోపించింది. ప్రోగ్రాముతో అయితే అదే వివరణతో నాలుగైదు చిత్రాలు గీయించి పక్కపక్కన పెట్టి చూడాలి: అన్నింటిలో ఒకే చోట నిలిచిన వస్తువు స్పష్టంగా వర్ణించబడిందని, ఒక్కో చిత్రంలో ఒక్కో చోటికి పోయినది మాటల్లో ఇంకా తేలలేదని తెలుస్తుంది. అన్నింటిలోనూ ఒకే తీరున తప్పిందంటే మాటల లోపం కాక ప్రోగ్రాం అలవాటే అడ్డుపడుతోందని గుర్తించి, అక్కడ చిత్తుబొమ్మ గీసి ఇవ్వాలి.

పాఠ్యపుస్తకాలకూ పిల్లల పత్రికలకూ బొమ్మల వివరణలు రాసేవారు, 'ఎడమ, కుడి అన్నవి చూసేవారివి' అన్న ఒక్క వాక్యాన్ని ప్రతి వివరణకు పైన రాయడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి.